డిస్క్ అక్షం మీద చాలా దూరంలో ఫీల్డ్ సున్నా వస్తోంది, పాయింట్ చార్జ్ ఫార్ములా ఎందుకు రావట్లేదు?

ఎంపీసీ_నాలుగో_బెంచీ

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ సెకండియర్. వ్యాసార్ధం R ఉన్న పల్చటి డిస్క్ మీద చార్జ్ అంతటా ఒకేలా పరుచుకుని ఉంది, సాంద్రత σ. దాన్ని సన్నటి రింగులుగా విడగొట్టి, ఒక్కో రింగు ఇచ్చే పొటెన్షియల్‌ని కలిపాను. అక్షం మీద కేంద్రం నుంచి z దూరంలో (z > 0) ఇలా వచ్చింది:

V = (σ/2ε₀) [√(z² + R²) − z]

దీన్ని z తో డిఫరెన్షియేట్ చేసి మైనస్ పెడితే:

E = (σ/2ε₀) [1 − z/√(z² + R²)]

ఇంతవరకూ జవాబుతో సరిపోయింది. తర్వాతి ప్రశ్న, z ≫ R అయితే డిస్క్ పాయింట్ చార్జ్‌లా ప్రవర్తిస్తుందని చూపమని. z చాలా పెద్దది కదా అని z² పక్కన R² వదిలేశాను. అప్పుడు √z² = z, కాబట్టి V = 0, E = 0. కానీ పాయింట్ చార్జ్‌కి Q/4πε₀z² రావాలి. నా దాంట్లో Q ఎక్కడికి పోయింది?

తొందర_తాతయ్య

బాబూ, సున్నా కాదు, σ/2ε₀ రావాలి. దూరంతో సంబంధం లేకుండా ఫీల్డ్ ఒకేలా ఉంటుంది. మా రోజుల్లో గౌస్ నియమంతో రెండు లైన్లలో తేల్చేవాళ్లం.

ఎంపీసీ_నాలుగో_బెంచీ

అది అనంతమైన షీట్‌కి కదండీ? ఇక్కడ డిస్క్‌కి అంచు ఉంది.

గౌతమీ_ఎక్స్‌ప్రెస్

తాతగారు చెప్పింది z ≪ R అయినప్పుడు. డిస్క్‌కి బాగా దగ్గరగా వెళ్తే z/√(z² + R²) దాదాపు సున్నా, మిగిలేది σ/2ε₀. ప్రశ్న దానికి పూర్తిగా అవతలి కొస గురించి.

తమ్ముడూ, పాయింట్ చార్జ్ అంటే సైజు లేనిది. కాబట్టి R = 0 పెట్టెయ్, అంతే. పాయింట్ చార్జ్ వచ్చేస్తుంది.

ఎంపీసీ_నాలుగో_బెంచీ

R = 0 పెట్టినా బ్రాకెట్‌లో z − z = 0 నే వస్తోంది అన్నా.

డిగ్రీ_మేడమ్

R = 0 పెట్టడంలో సగం నిజం ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు నీ లెక్క చూద్దాం.

z² పక్కన R² చిన్నదే, అందులో తప్పు లేదు. కానీ ఆ వర్గమూలంలోంచి నువ్వు మళ్లీ z తీసేస్తున్నావు. దాదాపు సమానమైన రెండు సంఖ్యల తేడా అది. తేడా మొత్తం ఎందులో ఉంది? నువ్వు పారేసిన R² లోనే. R = 0.1 మీ, z = 1 మీ అనుకో. √1.01 = 1.0049876. అందులోంచి 1 తీస్తే 0.0049876. దశాంశ బిందువు తర్వాత ఉన్నదే మనకు కావలసిన జవాబు. నువ్వు √1.01 ని 1 అనేశావు.

కాబట్టి వదిలేసే ముందు ఆ తీసివేతను వదిలించుకో. లవాన్నీ హారాన్నీ √(z² + R²) + z తో గుణించు:

√(z² + R²) − z = R² / [√(z² + R²) + z]

ఇది ఉజ్జాయింపు కాదు, ఖచ్చితమైన సమానత. ఇప్పుడు హారంలో కూడికే ఉంది కాబట్టి R² ని ధైర్యంగా వదిలెయ్యొచ్చు. హారం 2z అవుతుంది.

V ≈ (σ/2ε₀) · R²/2z = σR²/4ε₀z

Q = σπR² కాబట్టి ఇది Q/4πε₀z. ఫీల్డ్‌కీ అదే పని చెయ్. √(z² + R²) ని s అనుకుంటే 1 − z/s = (s − z)/s = R²/[s(s + z)]. దూరంలో అది R²/2z². అంటే E ≈ Q/4πε₀z².

నీకు వచ్చిన సున్నా కూడా ఒక రకంగా సరైన లిమిటే. z అనంతానికి పోతే V, E రెండూ సున్నాకే పోతాయి, పాయింట్ చార్జ్‌కీ అంతే. ప్రశ్న అడుగుతున్నది ఎక్కడికి పోతుందని కాదు, ఏ తీరులో పోతుందని. 1/z² లా తగ్గుతోందా, ముందు ఏ గుణకం ఉంది అన్నది చూపాలి.

గౌతమీ_ఎక్స్‌ప్రెస్

మేడమ్, నేను చెప్పింది కూడా తప్పు కాదుగా? డిస్క్‌ని కుదించుకుంటూ పోతే పాయింటే అవుతుంది.

డిగ్రీ_మేడమ్

కుదించేటప్పుడు దేన్ని మారకుండా పట్టుకున్నావో చెప్పాలి. σ ని అలాగే ఉంచి R ని సున్నా చేస్తే చార్జ్ కూడా మాయమవుతుంది, అందుకే ఆ అబ్బాయికి సున్నా వచ్చింది. Q ని స్థిరంగా ఉంచి, σ = Q/πR² అని రాసి, అప్పుడు R ని తగ్గిస్తే పాయింట్ చార్జే వస్తుంది:

E = (Q/2πε₀R²) [1 − z/√(z² + R²)]

ఇప్పుడు R నేరుగా సున్నా పెడితే 0/0. కాబట్టి ఆ బ్రాకెట్‌ని ఎలాగూ విప్పాల్సిందే, దగ్గర దారి లేదు. బ్రాకెట్ విలువ z/R అనే ఒక్క నిష్పత్తి మీదే ఆధారపడుతుంది. z ని పెంచినా R ని తగ్గించినా అక్కడ జరిగేది ఒకటే.

గౌతమీ_ఎక్స్‌ప్రెస్

సరే, ఆ మాత్రం నేను మనసులో అనుకున్నాను లెండి. పరీక్షలో అయితే బైనామియల్ వాడితే తొందరగా అవుతుంది. z/s ని (1 + R²/z²)^(−1/2) గా రాసి మొదటి రెండు టర్మ్‌లు ఉంచితే 1 − R²/2z². బ్రాకెట్ R²/2z². ఒక్క లైను. z కనీసం 10R ఉండాలి, అదే రూలు.

ఎంపీసీ_నాలుగో_బెంచీ

ఇప్పుడు అర్థమైంది మేడమ్, థాంక్స్. ఆ 10R ఎక్కడి నుంచి వచ్చింది? z ≫ R అంటే ఎంత అని మా పుస్తకంలో లేదు.

డిగ్రీ_మేడమ్

ఎంత తప్పును నువ్వు ఒప్పుకుంటావో దాన్ని బట్టి. ఇంకో టర్మ్ ఉంచితే తెలుస్తుంది:

V ≈ (Q/4πε₀z) [1 − R²/4z²]
E ≈ (Q/4πε₀z²) [1 − 3R²/4z²]

ఒక డిస్క్ తీసుకుని చూద్దాం. R = 10 సెం.మీ, σ = 1 మైక్రోకూలుంబ్ ప్రతి చదరపు మీటరుకు. Q సుమారు 31.4 నానోకూలుంబులు, σ/2ε₀ సుమారు 56,470 వోల్ట్ ప్రతి మీటరుకు. కేంద్రంలో పొటెన్షియల్ 5,647 వోల్టులు.

డిస్క్ వ్యాసార్ధమంత దూరంలో, అంటే 10 సెం.మీ దగ్గర, అసలు ఫీల్డ్ 16,540. పాయింట్ చార్జ్ అనుకుంటే 28,235 వస్తుంది, 70 శాతం ఎక్కువ. అక్కడ ఆ ఊహ పనికిరాదు. 50 సెం.మీ దగ్గర అసలుది 1,097, పాయింట్ చార్జ్ లెక్కలో 1,129, తేడా 3 శాతం. 1 మీటరు దగ్గర 280.3 కి 282.4, అంటే ముప్పావు శాతం తేడా. గౌతమి చెప్పిన 10R కి ఆధారం ఇదే. ఫీల్డ్‌లో 1 శాతం చాలనుకుంటే 8.6R సరిపోతుంది. రూలేమీ కాదు, మన అవసరం.

పొటెన్షియల్ మాత్రం ఇంకా ముందే కుదురుకుంటుంది. 50 సెం.మీ దగ్గర అసలుది 559 వోల్టులు, పాయింట్ చార్జ్‌ది 565. అప్పటికే తేడా 1 శాతానికి వచ్చేసింది.

ఎంపీసీ_నాలుగో_బెంచీ

V నుంచే కదా E వచ్చింది. మరి ఒకే చోట V కి 1 శాతం, E కి 3 శాతం ఎందుకు?

ఓరుగల్లు_కోడ్

మేడమ్ రాసిన V లో బ్రాకెట్ విప్పి చూడు. మొదటి టర్మ్ 1/z లా, దిద్దుబాటు టర్మ్ 1/z³ లా తగ్గుతాయి. డిఫరెన్షియేట్ చేస్తే మొదటిది 1 తో, రెండోది 3 తో గుణించబడతాయి. 1/4 కాస్తా 3/4 అయ్యింది. ఎంత నిటారుగా పడిపోయే టర్మ్ అయితే, ఫీల్డ్‌లో దాని వాటా అంతగా పెరుగుతుంది.

ఆ 1/4 కి కూడా అర్థం ఉంది. అక్షం మీద ఏ రింగుకైనా దిద్దుబాటు r²/2z². డిస్క్ మీద r² సగటు R²/2. అందుకే R²/4z². డిస్క్ బదులు ఒట్టి రింగు అయితే R²/2z² వచ్చేది. చార్జ్ ఎంత అంచు వైపుకి ఉంటే పాయింట్ చార్జ్ నుంచి అంత తేడా.

గౌతమీ_ఎక్స్‌ప్రెస్

అంటే ఇంకో నాలుగు టర్మ్‌లు కలిపితే దగ్గర కూడా సరిగ్గా వచ్చేస్తుందన్నమాట. z = R దగ్గర ఆ 70 శాతం తప్పు కూడా పోతుంది.

డిగ్రీ_మేడమ్

పోదు, కనీసం అంత సులువుగా పోదు. z = R దగ్గర అసలు ఫీల్డ్, పాయింట్ చార్జ్ ఫీల్డ్‌లో 0.586 వంతు. మొదటి దిద్దుబాటుతో 0.25 వస్తుంది. తర్వాతి టర్మ్ 5R⁴/8z⁴ కలిపితే 0.875. అటూ ఇటూ ఊగుతూ చాలా నెమ్మదిగా దగ్గరికొస్తుంది. z < R అయితే టర్మ్‌లు పెరుగుతూనే పోతాయి, ఎన్ని కలిపినా లాభం లేదు. అక్కడ z/R ఘాతాలలో విస్తరించాలి, లేదా ఎలాగూ అసలు ఫార్ములా చేతిలో ఉంది, దాన్నే వాడాలి.

ఓరుగల్లు_కోడ్

ఇదే లెక్క కంప్యూటర్‌లో కూడా ఇబ్బంది పెడుతుంది. మా ప్రాజెక్ట్‌లో మెమరీ తగ్గిద్దామని, సంఖ్యలో సుమారు ఏడు అంకెలే పట్టే float32 వాడారు. రెండు అక్షాలూ లాగ్ స్కేల్‌లో గ్రాఫ్ గీస్తే డిస్క్ దగ్గర దాదాపు చదునుగా ఉండి, దూరం వెళ్లాక చక్కగా −2 వాలుతో దిగింది. 100 మీటర్లు వచ్చేసరికి మెట్లు మెట్లుగా మారింది, 300 మీటర్ల దగ్గర గీతే లేదు.

```python
import numpy as np
R, A = 0.1, 5.647e4
z = np.logspace(-2, 3, 400).astype(np.float32)
s = np.sqrt(z*z + R*R)
E1 = A*(1 - z/s)
E2 = A*R*R/(s*(s + z))
```

`E1` ఎంపీసీ తమ్ముడు చేసిందే. మనం R² ని చేత్తో వదిలేస్తే, అక్కడ మెషీనే వదిలేస్తుంది. z = 300 అయితే z² = 90,000. దాని పక్కన 0.01 ని float32 సరిగ్గా పట్టుకోలేదు, s కాస్తా 300 కి గుండ్రమైపోతుంది, తేడా సున్నా. లాగ్ స్కేల్‌లో సున్నాని గీయలేం కాబట్టి గీత ఆగిపోయింది. `E2` మేడమ్ చూపించిన రూపం, అందులో తీసివేత లేదు. 1000 మీటర్ల దాకా గీత తిన్నగానే ఉంది.

float64 లో కూడా ఇది జరుగుతుంది, కాకపోతే ఇదే డిస్క్‌కి z = 10⁷ మీటర్లు దాకా వెళ్లాలి.

తొందర_తాతయ్య

పది సెంటీమీటర్ల డిస్క్‌కి పదివేల కిలోమీటర్ల అవతల ఫీల్డ్ ఎవరికి కావాలమ్మా?

ఓరుగల్లు_కోడ్

ఎవరికీ అక్కర్లేదు తాతగారూ. కానీ గ్రాఫ్ మధ్యలో తెగిపోతే ఫిజిక్స్ తప్పా, కోడ్ తప్పా అని ముందు తేల్చుకోవాలి కదా. సంఖ్యలు మెట్లుగా మారి ఆపైన సరిగ్గా 0.0 వస్తుంటే అది గుండ్రం చేయడం వల్ల వచ్చిన తప్పే. నిజమైన ఫీల్డ్ ఎంత తగ్గినా సరిగ్గా సున్నా కాదు.

ల్యాబ్_మల్లేశం

ఈ టాపిక్ చూసి చెప్తున్నా. నేను ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. 10 సెం.మీ వ్యాసార్ధం ఉన్న అల్యూమినియం ప్లేటుని 5 కిలోవోల్ట్ సప్లైకి కలిపి, అక్షం మీద ఫీల్డ్ మీటర్ పెట్టి చూశాం. కేంద్రంలో V = σR/2ε₀ = 5000 అనుకుంటే σ/2ε₀ = 50,000. మీ ఫార్ములా ప్రకారం అర మీటరు దగ్గర 971 రావాలి. మాకు 1200 పైచిలుకు వస్తోంది. మీటర్ కాలిబ్రేషన్ చూపించాం, బాగానే ఉందన్నారు. అంటే థియరీకీ ప్రాక్టికల్‌కీ ఎప్పుడూ ఇంతేనా?

గౌతమీ_ఎక్స్‌ప్రెస్

గాలిలో తేమ ఉంటుంది అన్నా. కోస్తాలో అయితే ఇంకా ఘోరం.

డిగ్రీ_మేడమ్

తేమ వల్ల చార్జ్ కారిపోతే రీడింగ్ తగ్గాలి, పెరగకూడదు. పైగా ఆయన ప్లేటు సప్లైకే కలిపి ఉంది, పోయింది మళ్లీ నిండుతుంది.

మల్లేశం గారూ, మీ ప్లేటు లోహం. ఈ చర్చంతా చార్జ్ సమంగా పరుచుకుని, కదలకుండా ఉన్న డిస్క్ గురించి. అలాంటి డిస్క్‌లో కేంద్రం దగ్గర పొటెన్షియల్ σR/2ε₀, అంచు దగ్గర σR/πε₀. అంటే అంచులో ఉండేది కేంద్రంలో ఉన్నదాంట్లో సుమారు 64 శాతమే. లోహంలో ఆ తేడా నిలబడదు. చార్జ్ అంచు వైపుకి జరిగి, ప్లేటంతా ఒకే పొటెన్షియల్‌కి వచ్చాకే ఆగుతుంది. విడిగా ఉన్న లోహపు డిస్క్‌కి అక్షం మీద ఫార్ములా వేరు:

V = V₀ (2/π) arctan(R/z)
E = V₀ (2/π) R/(z² + R²)

మీ అంకెలు వేస్తే అర మీటరు దగ్గర E సుమారు 1,224. మీకు వచ్చిన రీడింగ్ ఆ దరిదాపుల్లోనే ఉంది.

తేడా అసలు మొత్తం చార్జ్‌లో ఉంది. 5000 వోల్టుల దగ్గర మీ లోహపు ప్లేటు మీద Q = 8ε₀RV₀, సుమారు 35.4 నానోకూలుంబులు. కేంద్రంలో అదే 5000 ఉండే సమాన చార్జ్ డిస్క్‌కి Q = 2πε₀RV₀, అంటే 27.8 చాలు. దూరం వెళ్లేకొద్దీ ఆకారం మరుగునపడి మొత్తం చార్జే లెక్కకొస్తుంది కాబట్టి, మీ ఫీల్డ్ దాదాపు 27 శాతం ఎక్కువ వైపుకి పోతుంది. దగ్గర మాత్రం తలకిందులు. కేంద్రానికి ఆనుకుని సమాన డిస్క్‌కి 50,000 ఉంటే, మీ ప్లేటుకి 31,800 మాత్రమే.

ల్యాబ్_మల్లేశం

ఓహో. అయితే దగ్గర పెట్టి కొలిస్తే తేలిపోతుందన్నమాట. రెండు సెంటీమీటర్ల దూరంలో పెట్టి చూస్తాను.

ఓరుగల్లు_కోడ్

అన్నా, మీ మీటర్ ముఖం ఎర్త్ అయి ఉంటుంది కదా? రెండు సెంటీమీటర్ల దగ్గర పెడితే ప్లేటూ మీటరూ కలిసి కెపాసిటర్ అయిపోతాయి. అప్పుడు మీరు కొలిచేది దాదాపు 5000 ని 0.02 తో భాగించిన ఫీల్డ్. రెండు ఫార్ములాలూ పనిచెయ్యవు. పైగా అంత దగ్గర 5 కిలోవోల్ట్, జాగ్రత్త.

డిగ్రీ_మేడమ్

నిజమే. అర మీటరు దగ్గర కూడా ఎర్త్ అయిన మీటర్ బాడీ ఫీల్డ్ రేఖలను తన వైపు లాగి రీడింగ్‌ని కొంత పెంచే అవకాశం ఉంది. కాబట్టి 1,224 కి దగ్గరగా వచ్చిందని అప్పుడే సంబరపడలేం. బల్ల, గోడలు, సప్లై వైరు కూడా ఉన్నాయి. మీటర్‌ని 40, 60, 80 సెం.మీ దగ్గర పెట్టి, ప్రతి రీడింగ్‌నీ (z² + R²) తో గుణించి చూడండి. లోహపు డిస్క్ ఫార్ములా నిజమైతే ఆ లబ్ధం మారకూడదు. దూరంతో పాటు అది ఒక దిక్కుకి జరుగుతూ ఉంటే చుట్టుపక్కల వస్తువుల పని అనుకోవాలి. ఎంత వాటా దేనిదో ఇక్కడ కూర్చుని చెప్పలేను.

ల్యాబ్_మల్లేశం

ప్లేటు స్టాండు కూడా ఇనుపదే మేడమ్. దాన్ని కూడా మార్చాలేమో. సెలవులయ్యాక చూసి ఇక్కడే రాస్తాను.

గౌతమీ_ఎక్స్‌ప్రెస్

ఒక డౌట్. అక్షం వదిలేసి పక్కకి, డిస్క్ తలంలోనే దూరంగా వెళ్తే కూడా అసలు పొటెన్షియల్ పాయింట్ చార్జ్ కంటే తక్కువేనా?

ఓరుగల్లు_కోడ్

కాదు, అక్కడ ఎక్కువ. దూరంలో ఆ దిద్దుబాటు టర్మ్‌కి (3cos²θ − 1)/2 గుణకం వస్తుంది, θ అక్షం నుంచి కోణం. అక్షం మీద 1, తలంలో −1/2. కాబట్టి −R²/4 బదులు +R²/8. సుమారు 54.7 డిగ్రీల దగ్గర ఆ టర్మ్ అసలు ఉండదు. అక్షం బయట దగ్గరి దూరాల్లో మాత్రం ఇంత తేలిక ఫార్ములా లేదు, ఎలిప్టిక్ ఇంటిగ్రల్స్ వస్తాయి.

ఎంపీసీ_నాలుగో_బెంచీ

అవి మాకు సిలబస్‌లో లేవు, బతికిపోయాం. ఇంకొక్కటి అడుగుతాను. డిస్క్‌కి కింది వైపు, z నెగెటివ్ అయితే అదే ఫార్ములా వాడొచ్చా? z = −1 వేస్తే V చాలా పెద్దగా వస్తోంది.

డిగ్రీ_మేడమ్

వాడకూడదు. ఇంటిగ్రేట్ చేసినప్పుడు కింది హద్దు దగ్గర వచ్చింది √z², అంటే |z|. z > 0 అని నువ్వు ముందే అనుకున్నావు కాబట్టి z అని రాశావు. V లో −z ఉన్నచోట −|z| పెట్టు, రెండు వైపులా ఒకే V వస్తుంది. E మాత్రం కింద దిశ మారుతుంది, డిస్క్ దాటేటప్పుడు σ/ε₀ మేర ఒక్కసారిగా దూకుతుంది. మొదటి పోస్ట్‌లో z > 0 అని రాశావుగా, జవాబు పత్రంలో కూడా ఆ మాట రాయి.